గర్భనిరోధక మాత్రలతో తలనొప్పి: దేనికి ఓపిక పట్టాలి, దేనికి పద్ధతి మార్చాలి

గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టాక తలనొప్పి వస్తే చాలామంది నొప్పి ఎంత తీవ్రంగా ఉందనేదే చూస్తారు. తీవ్రతను బట్టి ఇక్కడ పెద్దగా ఏమీ తేలదు. మంచం మీద నుంచి లేవనివ్వని నొప్పి కూడా ప్రమాదం లేనిదే కావచ్చు. అరగంటలో పోయిన చిన్న నొప్పి ఆ మాత్రలను ఇక ఎప్పటికీ ముట్టకూడదని చెప్పే గుర్తు కావచ్చు. అందుకే వేరే రెండు ప్రశ్నలు వేసుకోండి. స్ట్రిప్‌లో ఎన్నో మాత్ర దగ్గర నొప్పి వచ్చింది? నొప్పికి ముందు కళ్లకు ఏదైనా వింతగా కనిపించిందా? ఈ రెంటికీ జవాబు దొరికితే ఏం చేయాలో చాలావరకు తేలిపోతుంది.

ఇక్కడ చెప్పేది రెండు హార్మోన్లు కలిసిన మాత్రల గురించి, అంటే కంబైన్డ్ మాత్రల గురించి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్, తక్కువ ధరకు అమ్మే మాలా-డి ఈ రకానివే. మాలా-ఎన్ ప్యాకెట్‌లో 21 హార్మోన్ మాత్రలు, 7 ఐరన్ మాత్రలు ఉంటాయి. ఒక్కో హార్మోన్ మాత్రలో 0.15 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్, 0.03 మిల్లీగ్రాముల ఇథినైల్ ఎస్ట్రడయాల్ ఉంటాయి. ఈ రెండోది ఈస్ట్రోజన్. తలనొప్పి కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. మీరు వాడేది వేరే కంపెనీ మాత్ర అయితే ప్యాకెట్ మీద ఇథినైల్ ఎస్ట్రడయాల్ అనో, ఎస్ట్రడయాల్ అనో ఉందేమో చూడండి. ఉంటే ఈ వివరాలు మీకూ వర్తిస్తాయి.

మొదటి పని: ఇది ఆగదగిన నొప్పేనా?

డైరీ రాయడం, లెక్కలు చూడడం తర్వాతి సంగతి. ముందు కొన్ని లక్షణాలు లేవని తేల్చుకోవాలి.

మూతి ఒక పక్కకు వంగడం, ఒక చెయ్యి లేదా కాలు ఉన్నట్టుండి పట్టు తప్పడం, మాట తడబడడం, ఒక పక్క చూపు ఒక్కసారిగా పోవడం, మూర్ఛ రావడం, క్షణాల్లో పతాక స్థాయికి చేరిన నొప్పి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి. ఇంట్లో పడుకుని చూద్దామని అనుకోవద్దు.

ఇంత హడావుడి చేయకుండా మెల్లగా ముదిరే ప్రమాదం ఒకటుంది. అది మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడం. ఈస్ట్రోజన్ రక్తం గడ్డకట్టే స్వభావాన్ని కొంత పెంచుతుంది. చాలామందికి దానివల్ల ఏమీ కాదు, కొద్దిమందిలో మాత్రం సిరల్లో గడ్డ ఏర్పడుతుంది. మాత్రలు మొదలుపెట్టిన తొలి నెలల్లో ఈ ముప్పు ఎక్కువ. హైదరాబాద్ నిమ్స్ వైద్యులు ఈ జబ్బుతో వచ్చిన 428 మంది వివరాలను 2012లో ప్రచురించారు. అందులో గుర్తించిన కారణాల్లో గర్భనిరోధక మాత్రలు ఒకటి. ఈ నొప్పి రోజురోజుకూ పెరుగుతూ పోతుంది. నొప్పి మాత్ర వేసుకున్నా పూర్తిగా దిగదు. పడుకుంటే, దగ్గితే, ముక్కితే ఎక్కువవుతుంది. వాంతులు కావచ్చు, చూపు మసకబారవచ్చు, ఒక వస్తువు రెండుగా కనిపించవచ్చు. మీ నొప్పి ఈ పోలికలో ఉంటే అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లండి.

అక్కడ తప్పకుండా చెప్పాల్సిన మాట ఒకటుంది: మీరు మాత్రలు వాడుతున్నారని. అత్తగారో, మరిదిగారో పక్కన నిలబడి ఉంటే ‘ఏమైనా మందులు వాడుతున్నారా’ అన్న ప్రశ్నకు చాలామంది లేదనే తల ఊపుతారు. ఇంట్లో తెలియకుండా వాడేవాళ్లు ఎందరో ఉన్నారు, అందుకు వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి. కానీ ఆ ఒక్క మాట చెప్పకపోతే డాక్టరు ఆలోచన వేరే దారిలో పోవచ్చు. స్ట్రిప్‌ను ఫోనులో ఫొటో తీసి ఉంచుకుంటే నోరు తెరవకుండానే చూపించవచ్చు.

రెండో పని: స్ట్రిప్ పక్కనే లెక్క రాయడం

ప్రమాద లక్షణాలేమీ లేకపోతే మూడు ప్యాకెట్ల పాటు నొప్పి లెక్క రాయండి. తేదీలు రాస్తే తర్వాత వాటిని మాత్రలతో సరిపోల్చడం తలకు మించిన పని అవుతుంది. అందుకని మాత్ర నంబరే రాయండి. ప్యాకెట్‌లో మొదటి మాత్ర 1, చివరి హార్మోన్ మాత్ర 21, ఐరన్ మాత్రలు 22 నుంచి 28 వరకు. నొప్పి వచ్చిన రోజున ఆ నంబరు రాసి, దాని పక్కన నాలుగు ముక్కలు చేర్చితే చాలు: నొప్పి ఒక పక్కా రెండు పక్కలా, వాంతి వచ్చేట్టుందా, వెలుతురుకు చిరాకుగా ఉందా, నొప్పికి ముందు కళ్లకు ఏమైనా కనిపించిందా. నొప్పి మాత్ర వేసుకుంటే దాని పేరు కూడా రాయండి. ఆ రోజు భోజనం మానేసినా, ఉపవాసం ఉన్నా, రాత్రి నిద్ర లేకపోయినా అదీ రాయాలి. శనివారం ఒక్కపొద్దు వల్ల వచ్చిన నొప్పి నేరం మాత్ర మీద పడకూడదు కదా.

మూడు ప్యాకెట్లు ఎందుకంటే, తొలి నెలల్లో వచ్చే మామూలు తలనొప్పి చాలామందికి ఆ వ్యవధిలో తగ్గిపోతుంది. ఆలోగా మాత్రను రాత్రి భోజనం తర్వాత వేసుకుంటూ ఉంటే వికారం కూడా తగ్గుతుంది. నొప్పి వచ్చినప్పుడు పారాసెటమాల్ 500 మిల్లీగ్రాములది ఒకటి లేదా రెండు వేసుకోవచ్చు. కడుపులో పుండు, ఆస్తమా, కిడ్నీ జబ్బు లేనివారు తిన్న తర్వాత ఐబుప్రొఫెన్ 400 కూడా వాడవచ్చు. కాకపోతే నొప్పి మాత్రలకు ఒక హద్దుంది. నెలలో 15 రోజులు, అంతకన్నా ఎక్కువ వాడుతూ పోతే కొన్ని నెలలకు ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. మందుల దుకాణంలో ‘మైగ్రేన్ మాత్ర’ అని ఇచ్చే వాటిలో ఎర్గోటమిన్ ఉంటే ఈ హద్దు నెలకు 10 రోజులే. అది రక్తనాళాలను కుదించే మందు కాబట్టి చీటీ లేకుండా కొనకపోవడమే మంచిది.

ఈ మూడు ప్యాకెట్ల ఓపిక మామూలు తలనొప్పికే. తర్వాతి పనిలో చెప్పే గుర్తు కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగాల్సిన పని లేదు.

మూడో పని: కళ్ల ముందు ఏం కనిపించిందో తేల్చుకోవడం

మైగ్రేన్ వచ్చేవారిలో కొందరికి నొప్పికి ముందు ఒక దశ ఉంటుంది. డాక్టర్లు దాన్ని ఆరా అంటారు. మొత్తం నిర్ణయం దీని మీదే నిలబడి ఉంది కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

ఆరా ఎక్కువగా చూపులోనే వస్తుంది. చూస్తున్నచోట చిన్న మచ్చలా మొదలవుతుంది. చదువుతున్న వాక్యంలో ఒక అక్షరం కనిపించకుండా పోతుంది. ఆ మచ్చ అంచున మిలమిలలాడే వంకరటింకర గీతలు పుట్టి, అర్ధచంద్రాకారంలో మెల్లగా ఒక పక్కకు వ్యాపిస్తాయి. ఇలా వ్యాపించడానికి ఐదు నిమిషాలైనా పడుతుంది. మొత్తం వ్యవహారం సాధారణంగా గంటలోపు ముగుస్తుంది. కళ్లు మూసుకున్నా ఆ మెరుపు కనిపిస్తూనే ఉంటుంది, ఎందుకంటే అది పుట్టేది కంటిలో కాదు, మెదడులో. అందుకే ఒక కన్ను మూసి చూసినా, రెండోది మూసి చూసినా అదే పక్కన కనిపిస్తుంది. కొందరికి చూపుతోపాటు, లేదా చూపు బాగానే ఉండి, వేళ్లలో మొదలైన తిమ్మిరి చెయ్యి మీదుగా పెదవుల దాకా పాకుతుంది. ఇంకొందరికి కాసేపు సరైన మాట నోటికి రాదు. ఆ తర్వాత తలనొప్పి రావచ్చు, రాకపోనూవచ్చు.

ఆరా అని పొరబడేవి కూడా చాలానే ఉన్నాయి. ఎండలోంచి ఇంట్లోకి రాగానే కళ్లు చీకట్లు కమ్మడం, చటుక్కున లేచినప్పుడు రెండు క్షణాలు చుక్కలు కనిపించడం, నొప్పి ఎక్కువగా ఉన్నప్పుడు చూపంతా మసకగా అనిపించడం, వెలుతురు చూడలేకపోవడం ఆరా కిందికి రావు. తేడా పట్టుకోవడానికి మూడు విషయాలు చూడండి. నిమిషాల తరబడి మెల్లగా వ్యాపించిందా? ఒకే పక్కన ఉందా? గంటలోపు పూర్తిగా పోయిందా? మూడింటికీ అవును అనిపిస్తే అది ఆరానే అనుకుని నడుచుకోవాలి. మళ్లీ కనిపిస్తే కాగితం మీద బొమ్మ గీసి, ఎన్ని గంటలకు మొదలై ఎప్పుడు పోయిందో రాసుకోండి. ‘కళ్లు మసకబారాయి’ అన్న మాటకన్నా ఆ బొమ్మ డాక్టరుకు ఎంతో ఎక్కువ చెబుతుంది.

ఆరా ఎందుకింత ముఖ్యమంటే, ఆరాతో మైగ్రేన్ ఉన్నవారికి పక్షవాతం ముప్పు కొంచెం ఎక్కువ, ఈస్ట్రోజన్ మాత్ర ఆ ముప్పును ఇంకా పెంచుతుంది. యూరప్‌లో తలనొప్పి నిపుణుల సంఘం, గర్భనిరోధక నిపుణుల సంఘం కలిసి 2017లో ఇచ్చిన అంచనా ఇలా ఉంది. 20 నుంచి 44 ఏళ్ల మహిళల్లో మైగ్రేన్ లేకుండా, హార్మోన్ పద్ధతేదీ వాడకుండా ఉన్నవారిలో రక్తం గడ్డకట్టడం వల్ల వచ్చే పక్షవాతం ఏడాదికి లక్షలో 2 లేదా 3 మందికి వస్తుంది. ఆరాతో మైగ్రేన్ ఉండి, హార్మోన్ పద్ధతి వాడేవారిలో ఆ సంఖ్య 37 దాకా పోతుంది. లక్షలో 37 అంటే ఒక మనిషికి ఇప్పటికీ చిన్న ముప్పే, భయంతో నిద్ర పాడుచేసుకోవాల్సిన పని లేదు. కానీ గర్భం రాకుండా చూసుకోవడానికి ఈస్ట్రోజన్ లేని దారులు ఇన్ని ఉన్నప్పుడు ఆ ముప్పును కొనితెచ్చుకోవడంలో అర్థం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భనిరోధక పద్ధతులకు 1 నుంచి 4 వరకు అంకెలు ఇస్తుంది. 1 అంటే అడ్డేమీ లేదు, 4 అంటే వాడనే వద్దు. ఆరాతో మైగ్రేన్‌కు కంబైన్డ్ మాత్రలు ఏ వయసులోనైనా 4లోనే ఉన్నాయి.

మాత్రలు వాడుతుండగా తొలిసారి ఆరా కనిపిస్తే అదే రోజు డాక్టరుకు చూపించుకోండి. చిన్న పక్షవాతం కూడా కొన్నిసార్లు ఇలాగే మొదలవుతుంది. మెల్లగా పాకకుండా తిమ్మిరి ఒక్కసారిగా వచ్చిపడితే 108 దారే పట్టాలి.

నాలుగో పని: బీపీ, వయసు, పొగ

ఇది ఐదు నిమిషాల పని. మాత్రలు మొదలుపెట్టే ముందు ఒకసారి, మూడు నెలలకు ఇంకోసారి బీపీ చూపించుకోవాలి. ఏఎన్ఎం దగ్గరైనా సరిపోతుంది. ఈ మాత్రలు కొందరిలో బీపీని పెంచుతాయి. 140/90 లేదా అంతకన్నా ఎక్కువ ఉందని రెండు వేర్వేరు రోజుల్లో తేలితే, తలనొప్పి ఏ రకమైనా పద్ధతి మార్చే మాట డాక్టరుతో మాట్లాడాలి. 160/100 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ఈ మాత్రలు పనికిరావు.

వయసు 35 దాటాక మైగ్రేన్ ఉంటే, ఆరా లేకపోయినా కంబైన్డ్ మాత్రలకు దూరంగా ఉండడమే నియమం. 35 దాటి పొగ తాగేవారికి మైగ్రేన్ లేకపోయినా ఇవి తగవు. మన ఆడవాళ్లలో పొగ ఎక్కడిదని కొట్టిపారేయకండి. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ చుట్ట తాగే మహిళలు ఇప్పటికీ ఉన్నారు, ఈ లెక్కలో చుట్ట కూడా పొగే.

ఐదో పని: రాసిన లెక్కను చదవడం

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆమెకు 31 ఏళ్లు. ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి మూడేళ్లు. ఆశా కార్యకర్త ఇచ్చిన మాలా-ఎన్ వాడుతోంది. బీపీ 112/74. పొగ లేదు. పెళ్లికి ముందు నుంచీ నెలసరి వచ్చే ముందురోజు ఒక పక్క తలనొప్పి, వికారం అలవాటే.

మొదటి ప్యాకెట్‌లో ఆమె 2, 3, 6, 24, 25 అని రాసింది. రెండో దాంట్లో 4, 23, 24, 25. మూడో దాంట్లో 23, 24 మాత్రమే. అన్నిచోట్లా కళ్లకు ఏమీ కనిపించలేదనే ఉంది.

ఈ అంకెలు రెండు వేర్వేరు నొప్పులను చూపిస్తున్నాయి. ప్యాకెట్ మొదట్లో వచ్చిన 2, 3, 6, 4 అనేవి కొత్త హార్మోనుకు శరీరం అలవాటు పడేటప్పటివి. అవి తల మొత్తం బరువుగా ఉండే నొప్పులు, మూడో ప్యాకెట్‌కు వాటంతటవే పోయాయి. వాటిని ఇక పట్టించుకోనక్కర్లేదు.

23, 24, 25 మాత్రం ప్రతి నెలా అక్కడే వస్తున్నాయి. 21వ మాత్రతో హార్మోన్ ఆగిపోతుంది. మర్నాటి నుంచి వేసుకునేవి ఐరన్ మాత్రలే. రక్తంలో ఈస్ట్రోజన్ ఒకటి రెండు రోజుల్లో పడిపోతుంది, ఆ పతనమే మైగ్రేన్‌ను లేపుతుంది. తలనొప్పుల అంతర్జాతీయ వర్గీకరణలో దీనికి ప్రత్యేకంగా చోటుంది. మూడు వారాలు, అంతకన్నా ఎక్కువ కాలం తీసుకున్న ఈస్ట్రోజన్ ఆపిన ఐదు రోజుల్లోపు మొదలై, మొదలైన మూడు రోజుల్లోపు తగ్గే నొప్పి ఇది. అంటే ఈమెకు నొప్పి తెస్తున్నది మాత్ర వేసుకోవడం కాదు, వేసుకోని ఆ వారం. చాలామందికి ఈ సంగతి తెలియక మాత్రే పడలేదని మానేస్తారు, లేదా ఒక కంపెనీ మాత్ర నుంచి ఇంకో కంపెనీ మాత్రకు మారుతూ పోతారు. 21 మాత్రలు, ఏడు రోజుల విరామం ఉన్న ఇంకో మాత్రకు మారినా ఆ విరామం అలాగే ఉంటుంది కదా.

ఈమె విషయంలో ఇంకో మాట కూడా చూడాలి. ఆ నొప్పి మాత్రలకు ముందు నెలసరిలో వచ్చినదానిలాగే ఉంది, ముదరలేదు. ఒకవేళ జీవితంలో మైగ్రేన్ లేని మనిషికి మాత్రలు మొదలుపెట్టాకే అది కొత్తగా పుట్టినా, ఉన్నది నెల నెలకూ ముదిరినా, 1, 2 లాంటి నంబర్ల నుంచి 21 దాకా ఎక్కడపడితే అక్కడ వస్తున్నా లెక్క మారుతుంది. అప్పుడు ఆరా లేకపోయినా, 35 దాటకపోయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని 3లో పెడుతుంది. వేరే పద్ధతి దొరికితే దానికి మారడమే మేలని దాని భావం. తీవ్రమైన నొప్పి అయినా పాతదే, ఐరన్ వారంలోనే వస్తోంది అంటే కొనసాగవచ్చు. ఓ మోస్తరు నొప్పి అయినా కొత్త మైగ్రేన్ అయితే మారాలి.

ఆరో పని: ఐరన్ వారాన్ని దాటేయడం

విరామం తెస్తున్న నొప్పికి విరుగుడు విరామాన్ని తగ్గించడమే. మాలా-ఎన్‌లోని 21 హార్మోన్ మాత్రలూ ఒకే మోతాదువి కాబట్టి ఇది సులువు. ఒక్కసారి మీ డాక్టరుకో, ఆరోగ్య కేంద్రంలోనో చెప్పి మొదలుపెట్టండి.

21వ మాత్ర వేసుకున్న మర్నాడు ఐరన్ మాత్రల జోలికి పోకుండా కొత్త ప్యాకెట్ తెరిచి అందులో 1వ మాత్ర వేసుకోవాలి. అది పూర్తయ్యాక మూడోదానికి కూడా అలాగే వెళ్లాలి. ఇలా వరుసగా 63 హార్మోన్ మాత్రలు అవుతాయి. అప్పుడు నాలుగు రోజులు ఆపండి. ఐదో రోజు, రక్తస్రావం ఇంకా ఉన్నా సరే, కొత్త ప్యాకెట్ మొదలుపెట్టండి. నాలుగు రోజులు ఏడు కావచ్చు గానీ ఎనిమిది కాకూడదు. ఎక్కువ రోజులు ఆపితే అండం విడుదలై గర్భం వచ్చే అవకాశం ఉంది. పాత పద్ధతిలో ఏడాదికి 13 సార్లు పడిపోయే ఈస్ట్రోజన్ ఇప్పుడు ఐదారుసార్లే పడిపోతుంది, అదీ తక్కువ రోజులు.

ఆ విరామంలోనూ నొప్పి వస్తే, కడుపు, కిడ్నీ ఇబ్బందులు లేనివారికి డాక్టర్లు విరామానికి ముందురోజు నుంచే న్యాప్రోక్సెన్ లాంటి మందును కొద్ది రోజులు ఇస్తుంటారు.

దీనిలో వచ్చే చిక్కులు ముందే తెలిస్తే కంగారు ఉండదు. మొదటి రెండు మూడు నెలలు మధ్య మధ్యలో కొద్దిగా రక్తం కనిపించడం మామూలే. అది మూడు నాలుగు రోజులు ఆగకుండా సాగితే, అప్పటికి కనీసం 21 హార్మోన్ మాత్రలు వరుసగా వేసుకుని ఉంటే, అక్కడే నాలుగు రోజుల విరామం తీసుకుని మళ్లీ మొదలుపెట్టవచ్చు. నెలసరి రాకపోతే చెడు రక్తం లోపలే నిలిచిపోతుందని పెద్దవాళ్లు భయపెడతారు. మాత్రలు వాడేటప్పుడు గర్భసంచి పొర మందంగా పెరగదు, కాబట్టి లోపల నిలవడానికి ఏమీ ఉండదు. ఐరన్ పోతోందన్న బెంగ ఉంటే ఆ ఏడు మాత్రలను అన్నం తర్వాత మామూలుగా వేసుకోవచ్చు, హార్మోన్ మాత్ర మాత్రం మానకూడదు.

అసలు చిక్కు సరఫరా దగ్గర వస్తుంది. ప్యాకెట్ 28 రోజులకు బదులు 21 రోజులకే అయిపోతుంది. ఆశా కార్యకర్తకు ముందే చెప్పి మూడు నాలుగు ప్యాకెట్లు దగ్గర పెట్టుకోండి. మధ్యలో ప్యాకెట్ లేక పది రోజులు ఆగితే తలనొప్పి, గర్భం వచ్చే ప్రమాదం రెండూ కలిసి వస్తాయి.

కొన్ని కంపెనీల మాత్రలు 24 హార్మోన్ మాత్రలు, 4 ఖాళీ మాత్రలుగా వస్తాయి. ప్యాకెట్లు కలపడం ఇష్టం లేనివారికి అది మధ్యేమార్గం. ఒకే ప్యాకెట్‌లో హార్మోన్ మాత్రలు రెండు మూడు రంగుల్లో ఉంటే మాత్రం మోతాదు మారుతూ ఉంటుందని అర్థం. వాటిని ఇలా సొంతంగా కలపవద్దు.

ఇంకో మాట. పూజనో, పెళ్లనో నెలసరి వాయిదా వేయడానికి దుకాణంలో అడిగి నోరెథిస్టెరాన్ మాత్రలు తెచ్చుకోవడం మన దగ్గర బాగా అలవాటు. అందులో కొంత భాగం శరీరంలో ఈస్ట్రోజన్‌గా మారుతుంది. కంబైన్డ్ మాత్రలు వాడేవారికి దానితో పనే లేదు. ఐరన్ వారం దాటేస్తే నెలసరి అదే వాయిదా పడుతుంది.

ఏడో పని: మారాల్సి వస్తే ఎలా మారాలి

మన ఉదాహరణలోని ఆమె మూడు ప్యాకెట్లు కలిపి వాడుతూ ఏడాది పైగా హాయిగా ఉంది. ఒక రోజు మధ్యాహ్నం, ప్యాకెట్‌లో 11వ మాత్ర దగ్గర, బియ్యం ఏరుతుంటే చేటలో ఒక పక్క గింజలు కనిపించలేదు. తర్వాత ఎడమ వైపు మెరిసే గీతలు పుట్టి పెద్దవయ్యాయి. ఇరవై నిమిషాల్లో అంతా పోయింది. తర్వాత వచ్చిన తలనొప్పి కూడా చిన్నదే. ఇన్నాళ్లూ మైగ్రేన్ ఎంత బాధించినా కొనసాగించిన మాత్రలను ఆమె ఈ చిన్న నొప్పితో ఆపేయాలి. స్ట్రిప్ పూర్తి చేసి ఆపుదామని చూడకూడదు. 12వ మాత్ర వేసుకోకూడదు.

ఆపిన రోజు నుంచే కండోమ్ వాడాలి. ఆమె అప్పటికి చాలా రోజులుగా వరుసగా మాత్రలు వేసుకుంటోంది కాబట్టి గడిచిన రోజుల గురించి దిగులు లేదు. విరామం తర్వాత ఏడు మాత్రలు కూడా పూర్తికాకముందే ఆపాల్సి వచ్చి, ఈ మధ్యే కలయిక జరిగి ఉంటే పరిస్థితి వేరు. అప్పుడు 72 గంటల్లోపు వేసుకునే లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల అత్యవసర మాత్ర గురించి అడగండి. అందులో ఈస్ట్రోజన్ లేదు. కలయిక జరిగిన ఐదు రోజుల్లోపు కాపర్ టీ వేయించుకుంటే అది అత్యవసర రక్షణా అవుతుంది, తర్వాతి పద్ధతీ అవుతుంది.

నన్నడిగితే, పిల్లలు ఉండి, నెలసరి రక్తస్రావం మామూలుగా ఉన్నవారికి కాపర్ టీ అన్నిటికన్నా నిశ్చింత. అందులో హార్మోనే లేదు, వేసిన రోజు నుంచే పనిచేస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేసే 380ఏ రకం పదేళ్లు, 375 రకం ఐదేళ్లు పనిచేస్తాయి. రక్తస్రావం, కడుపునొప్పి కొంత పెరగవచ్చు కాబట్టి రక్తహీనత ఉన్నవారు ముందే చెప్పాలి. పైగా కాపర్ టీ అండం విడుదలను ఆపదు. అందుచేత ఒంటిలోని హార్మోన్ల హెచ్చుతగ్గులతో నెలసరికి ముందు వచ్చే పాత తలనొప్పి మళ్లీ రావచ్చు. అది కాపర్ టీ తెచ్చిన నొప్పి కాదు.

మాత్రల అలవాటే కావాలనుకునేవారికి డెసోజెస్ట్రెల్ 75 మైక్రోగ్రాముల మాత్ర ఉంది. ఇందులో ఈస్ట్రోజన్ లేదు, విరామమూ లేదు, రోజూ ఒకే సమయానికి వేసుకోవాలి. ఆరా ఉన్నవారు కూడా డాక్టరు సలహాతో దీన్ని మొదలుపెట్టవచ్చు. ఆఖరి కంబైన్డ్ హార్మోన్ మాత్ర మర్నాడే మొదలుపెడితే రక్షణలో ఖాళీ ఉండదు. నెలసరి క్రమం తప్పడం దీని ఇబ్బంది. ఇది వాడేటప్పుడు ఆరా ఎక్కువసార్లు వస్తే మళ్లీ డాక్టరును కలవాలి.

ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే అంతరా ఇంజెక్షన్‌లోనూ ఈస్ట్రోజన్ లేదు. మూడు నెలలకు ఒకసారి వేయించుకోవాలి. తలనొప్పి విషయంలో దీనికి నేను రెండో స్థానమే ఇస్తాను. కారణం ఒక్కటే: మాత్ర పడకపోతే రేపే ఆపవచ్చు, ఇంజెక్షన్ పడకపోతే మూడు నెలలు భరించాల్సిందే. వారానికోసారి వేసుకునే ఛాయా మాత్రలో కూడా ఈస్ట్రోజన్ లేదు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు వేసుకోవాలి. పీసీఓఎస్, కాలేయ జబ్బు, ఈ మధ్య కామెర్లు వచ్చినవారికి అది ఇవ్వరు.

మైగ్రేన్ తరచుగా వస్తుంటే రాకుండా ఆపే మందు రాస్తారు. అందులో టోపిరమేట్ ఉంటే, గర్భనిరోధకంగా ఏం వాడుతున్నారో డాక్టరుకు చెప్పి తీరాలి. మోతాదు పెరిగే కొద్దీ అది కంబైన్డ్ మాత్రలతోపాటు డెసోజెస్ట్రెల్ పనితనాన్నీ తగ్గిస్తుంది. ఆ మందు మీద ఉండగా గర్భం వస్తే బిడ్డకు హాని జరగవచ్చు. కాపర్ టీకి ఈ బెడద లేదు.

ఆరా ఒక్కసారి వచ్చినా దాన్ని మీ వైద్య కాగితాల మీద రాయించుకోండి. కంబైన్డ్ మాత్రలను కుటుంబ నియంత్రణకే ఇస్తారని లేదు. పీసీఓఎస్‌కు, మొటిమలకు, నెలసరి సరిచేయడానికి ‘హార్మోన్ మాత్రలు’ అన్న పేరుతో రాసేవి కూడా చాలాసార్లు ఇవే. నాలుగేళ్ల తర్వాత వేరే ఊళ్లో, వేరే డాక్టరు చీటీ రాస్తున్నప్పుడు ‘నాకు ఆరాతో మైగ్రేన్ ఉంది, ఇందులో ఈస్ట్రోజన్ ఉందా’ అని అడగాల్సింది మీరే.